గ్రూప్ ప్రాజెక్టు రిపోర్టు: ఎవరు ఏం చేశారో తెలియదు, రాత ఒక్క తీరుగా లేదు. మార్కులు ఎలా వేయాలి?

నాగోలు సివిల్ | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సివిల్ ఫైనలియర్ బ్యాచ్ ఒకటి, నలుగురు పిల్లలు. నాగోలు, ఉప్పల్, రామంతాపూర్ వైపు బోరు నీళ్ల నాణ్యత మీద ప్రాజెక్టు. 12 నమూనాలు తీసుకున్నారు, రిపోర్టు 64 పేజీలు. మా దగ్గర ఇంటర్నల్ 100లో రివ్యూలకు 40, రిపోర్టుకు 40, వైవాకు 20. రిపోర్టు మార్కు బ్యాచ్ మొత్తానికి ఒకటే వేస్తున్నాం. హ్యాండ్‌బుక్‌లో మాత్రం "పాత్రను బట్టి వ్యక్తిగత మార్కులు మారవచ్చు" అని ఒక వాక్యం ఉంది. ఎలా మార్చాలో రాయలేదు.

రిపోర్టు సంగతికొస్తే, రెండో అధ్యాయం, అంటే పాత పరిశోధనల సమీక్ష, చాలా నున్నటి ఇంగ్లిషులో ఉంది. నాలుగోది, అంటే ఫలితాలు, తప్పులతడక ఇంగ్లిషు. మూడో అధ్యాయంలో 10 నమూనాలన్నారు, నాలుగులో 12 ఉన్నాయి. లక్ష్యాల్లో ఫ్లోరైడ్ ఉంది, ఫలితాల్లో ఎక్కడా లేదు. నైట్రేట్ పట్టికలో రెండు నమూనాలకు 58, 63 అని ఉంటే, ముగింపులో "అన్ని నమూనాలూ పరిమితిలోనే ఉన్నాయి" అని రాశారు. కాఠిన్యం ఒకచోట మి.గ్రా./లీ., ఇంకోచోట పీపీఎం. ఒకే పట్టిక నంబరు రెండుసార్లు వచ్చింది.

నా లెక్క: విషయం, పరిధి 6కి 4, పద్ధతి 10కి 8, ఫలితాలు, విశ్లేషణ 12కి 5, అమరిక 6కి 1, పట్టికలు, ఆధారాలు 6కి 3. మొత్తం 21. అందరికీ 21 వేయాలా? నాలుగో అధ్యాయం రాసినవాళ్లకు తగ్గించాలా? అసలు ఎవరు రాశారో ఎలా తెలుస్తుంది?

లక్ష్మీ కె | సోమవారం రాత్రి 10:05

సర్, గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే వర్షన్ హిస్టరీ తెరవండి. ఎవరు ఏ పేరా రాశారో రంగులతో కనిపిస్తుంది. అధ్యాయాల వారీగా మార్కులు వేసి, ఏ అధ్యాయం ఎవరిదైతే ఆ మార్కు వాళ్లకే ఇచ్చేస్తే సరిపోతుంది. నాలుగో అధ్యాయం రాసినవాళ్లు తక్కువ కష్టపడ్డారని రాతే చెబుతోంది కదా.

తార్నాక మేడమ్ | సోమవారం రాత్రి 11:20

లక్ష్మి గారూ, వర్షన్ హిస్టరీ చూడమన్నది మంచి సలహానే. కానీ అది చెప్పేది టైప్ చేసిందెవరనే. వాట్సాప్‌లో వచ్చిన ముక్కలన్నీ ఒకరే తెచ్చి డాక్స్‌లో అతికిస్తే 64 పేజీలూ ఆ ఒక్కరి రంగులోనే కనిపిస్తాయి. బయట వర్డ్‌లో రాసి ఫైలు అప్‌లోడ్ చేస్తే అదీ ఉండదు. బోరు దగ్గరికి వెళ్లి సీసా నింపినవాళ్లు, ల్యాబ్‌లో టైట్రేషన్ చేసినవాళ్లు ఏ హిస్టరీలోనూ కనపడరు. ఒక పేరా మీద తేదీ ఎప్పటిదో, సమర్పణకు ముందు రాత్రి ఎన్ని పేజీలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయో చూడటానికి హిస్టరీ పనికొస్తుంది. దాంతో అడగాల్సిన ప్రశ్న తయారవుతుంది. మార్కు వేయడానికి మాత్రం అది చాలదు.

ఇక రాత తీరు. ఇంజనీరింగ్ రిపోర్టుల్లో రెండో అధ్యాయం నున్నగా ఉండటానికి తరచూ కారణం అది వేరేచోటి నుంచి రావడమే. ఫలితాల అధ్యాయం వంకరగా ఉండటానికి కారణం అది తమ చేతి పని కావడమే. అక్కడ ఎత్తి రాయడానికి ఏమీ దొరకదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువగా ఉండే బ్యాచ్‌లలో ఇది మరీ స్పష్టం. అందుకే భాషను బట్టి శ్రమను అంచనా వేయకండి.

నాగోలు సర్, మీ 21 విషయం. ముందు బ్యాచ్‌ను మరిచిపోయి, ఒక్కరే రాసిన రిపోర్టులాగా మొత్తం చదవండి. మీరు రాసిన లోపాల్లో రెండు జాతులున్నాయి. పీపీఎం, మి.గ్రా./లీ. అని కలగలపడం అతుకు లోపం. మామూలు నీళ్లలో రెండూ దాదాపు ఒకే అంకె, అర్థం మారదు. పట్టిక నంబరు రెండుసార్లు రావడమూ అంతే. కానీ నైట్రేట్ అలాంటిది కాదు. ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో నైట్రేట్ 45 మి.గ్రా./లీ. దాటకూడదు, వేరే నీటి వనరు లేకపోయినా దానికి సడలింపు లేదు. 58 ఉండగా పరిమితిలో ఉందంటే ఆ రిపోర్టు చదివి నీళ్లు తాగేవాళ్లను మోసం చేసినట్టే. అది విషయ లోపం, గట్టిగానే కోయాలి. ఒక్కసారే కోయాలి.

ఒక లోపానికి ఎన్ని గళ్లలో మార్కులు పోయాయో చూసుకోండి. నైట్రేట్‌కు మీరు ఎక్కడెక్కడ తగ్గించారు?

నాగోలు సివిల్ | మంగళవారం ఉదయం 7:15

ఇప్పుడే పేజీల పక్కన రాసుకున్నవి చూశాను మేడమ్. ఫలితాల్లో పట్టికకూ విశ్లేషణకూ పొంతన లేదని 3, ముగింపు తప్పని మళ్లీ 2, ఫలితాలను పోల్చి చూడలేదని 2. అమరికలో ముగింపు అతకలేదని 2, శీర్షికలూ క్రియల కాలాలూ యూనిట్లూ ఒక్క తీరుగా లేవని 3. పట్టికల్లో నంబరుకు 2, పీపీఎంకు 1. ఫ్లోరైడ్‌కు పరిధిలో 2, నమూనాల సంఖ్యకు పద్ధతిలో 2.

తార్నాక మేడమ్ | మంగళవారం ఉదయం 8:02

అదే సంగతి. నైట్రేట్ ఒక్కదానికే మూడుచోట్ల 7 మార్కులు పోయాయి. మొదటి 3 ఉంచండి, ముగింపుకు కోసిన 2, అమరికలో 2 తిరిగి ఇవ్వండి. యూనిట్లకు అమరికలో ఇప్పటికే కోశారు కాబట్టి పట్టికల్లో 1 కూడా. ఇప్పుడు 4, 8, 7, 3, 4. మొత్తం 26. ఒక్క చేతి రిపోర్టు అయినా ఇదే మార్కు రావాలి. అప్పుడే అది రిపోర్టు మార్కు అవుతుంది. గ్రూపు రిపోర్టుల్లో అతుకులు కళ్లకు కొట్టినట్టు కనిపిస్తాయి కాబట్టి తెలియకుండానే అన్ని గళ్లూ కిందికి జారతాయి.

సురేశ్ ఎం | మంగళవారం ఉదయం 9:30

రెండో అధ్యాయం కాపీ అంటున్నారు కాబట్టి సిమిలారిటీ రిపోర్టు తీసి, 10 శాతం దాటితే తిప్పి పంపేయండి. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం లోపు అయితే చర్య లేదు, 10 నుంచి 40 దాకా ఒక స్థాయి, ఆపైన ఇంకో రెండు స్థాయిలు అని స్పష్టంగా ఉంది. దానికి ఇంత చర్చ ఎందుకు?

తార్నాక మేడమ్ | మంగళవారం ఉదయం 9:48

సురేశ్ గారూ, కాపీ సంగతి తేల్చాలి, తప్పకుండా తీయించాలి. కానీ ఇక్కడ అడిగిన ప్రశ్న అది కాదు. 64 పేజీల్లో ఒక్క అధ్యాయం ఎత్తి రాసినా మొత్తం శాతం తక్కువే రావచ్చు. ఆ శాతం చూసి నలుగురిలో ఎవరి పని ఎంతో చెప్పలేం. అదీ గాక ఆధారాల జాబితాను లెక్కలోంచి తీసేశారో లేదో ముందు చూసుకోవాలి.

నాగోలు సివిల్ | మంగళవారం సాయంత్రం 6:30

ఈరోజు నలుగురినీ విడివిడిగా కూర్చోబెట్టి ఒక కాగితం రాయించాను. తనను మినహాయించి మిగతా ముగ్గురికీ 30 పాయింట్లు పంచమన్నాను. పేర్లు వద్దు, ఏ, బీ, సీ, డీ అనుకుందాం.

ఏ ఇచ్చింది: బీకి 10, సీకి 12, డీకి 8.
బీ ఇచ్చింది: ఏకి 12, సీకి 12, డీకి 6.
సీ ఇచ్చింది: ఏకి 12, బీకి 11, డీకి 7.
డీ ఇచ్చింది: ముగ్గురికీ 10 చొప్పున.

డీ పని చేయలేదని ముగ్గురూ అంటున్నట్టే కదా. నాలుగో అధ్యాయం డీదేనట.

తార్నాక మేడమ్ | మంగళవారం రాత్రి 8:10

మీరు పంచమన్న తీరు బాగుంది. పదికి ఎంత ఇస్తావని అడిగితే అందరూ అందరికీ పది రాసేస్తారు. మొత్తం కట్టేసి పంచమంటే ఒకరికి ఎక్కువ ఇవ్వాలంటే ఇంకొకరికి తగ్గించక తప్పదు. బ్రిటన్‌లో లఫ్‌బరో యూనివర్సిటీ చేసిన వెబ్‌పీఏ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఇలాంటి లెక్కతోనే నడుస్తుంది: ఒక్కొక్కరు ఇచ్చిన పాయింట్లను వాళ్లిచ్చిన మొత్తంలో భాగాలుగా మార్చి కూడతారు.

మీ అంకెలు కూడితే ఏకి 34, బీకి 31, సీకి 34, డీకి 21 వచ్చాయి. సమానంగా పని జరిగితే ఒక్కొక్కరికి 30 రావాలి. కాబట్టి గుణకాలు 1.13, 1.03, 1.13, 0.70. వీటితో 26ను నేరుగా గుణిస్తే డీకి 18 వస్తుంది, అది మరీ కఠినం. సగం మార్కు కదలకుండా ఉంచి సగాన్నే గుణిస్తారు. అంటే 13 అందరికీ, మిగతా 13ను గుణకంతో గుణించాలి. ఏకి 27.7, బీకి 26.4, సీకి 27.7, డీకి 22.1. అంకెలు కుదించకుండా నలుగురివీ కలిపితే 104, అంటే 26ను నాలుగుతో గుణించినంతే. బ్యాచ్ మొత్తం పెరగలేదు, తగ్గలేదు.

లెక్క ఇంతే. కానీ ఈ అంకెలను ఇంకా వాడకండి. ముగ్గురూ ఒకరిని తగ్గించారంటే రెండు రకాల కారణాలు ఉండొచ్చు. ఆ పిల్ల నిజంగా పని చేయకపోవడం ఒకటి. ముగ్గురూ ఒక జట్టు, ఆ పిల్ల బయటిది కావడం రెండోది. హాస్టల్ వాళ్లు ముగ్గురు, ఇంటి నుంచి వచ్చేవాళ్లు ఒకరు అయినా ఇలాగే వస్తుంది. ఇంగ్లిషు సరిదిద్దే భారం మిగతావాళ్ల మీద పడితే ఆ విసుగు కూడా ఈ అంకెల్లోకి వస్తుంది. ఏది నిజమో కాగితం చెప్పదు.

శేఖర్ ఎంసీఏ | మంగళవారం రాత్రి 9:00

మా ఎంసీఏ ప్రాజెక్టుల్లో ఈ బాధ కొంత తక్కువ, కోడు గిట్‌లో ఉంటుంది కాబట్టి. ఒక్క కమాండ్‌తో ఎవరివి ఎన్ని కమిట్లో వస్తాయి.

```
git shortlog -sne --no-merges
```

కాకపోతే ఒకే పిల్లవాడు ల్యాప్‌టాప్‌లో ఒక ఈమెయిల్, ల్యాబ్ సిస్టమ్‌లో ఇంకో ఈమెయిల్ పెడితే ఇద్దరిలా కనిపిస్తాడు. రెంటినీ కలపాలంటే `.mailmap` ఫైలు పెట్టాలి. స్క్వాష్ చేసి మెర్జ్ చేస్తే పది కమిట్లు ఒక్కటిగా మారిపోతాయి. కమిట్ల సంఖ్యను బట్టి మార్కులు వేస్తామని చెప్పినప్పటి నుంచి ఒక్కో లైను మార్చి ఒక్కో కమిట్ పెట్టే అలవాటు కూడా మొదలైంది. కాబట్టి మేమూ చివరికి వైవా మీదే ఆధారపడుతున్నాం. నీటి నమూనాల ప్రాజెక్టుకు గిట్ లాంటిది ఏముంటుందో నాకు తెలియదు.

పాత ఎగ్జామినర్ | మంగళవారం రాత్రి 10:15

ఉంది, ల్యాబ్ రిజిస్టరు. ప్రింటు తీసిన పట్టిక కాదు, టైట్రేషన్ చేస్తూ చేత్తో రాసుకున్న పుస్తకం తెప్పించండి. తేదీ, నమూనా నంబరు, బ్యూరెట్ మొదటి రీడింగు, చివరి రీడింగు, పక్కన రీడింగు తీసినవాళ్ల పొడి అక్షరాలు ఉండాలి. మామూలు 50 మి.లీ. బ్యూరెట్ మీద గీతలు 0.1 మి.లీ.కి ఒకటి ఉంటాయి, మధ్యలో మామూలుగా 0.05 దాకా అంచనా వేస్తారు. రిజిస్టరులో 17.43 లాంటివి కనిపిస్తే అవి నిజంగా బ్యూరెట్ చూసి రాసినవేనా అని అడగాలి. ప్రతి నమూనాకూ మూడు రీడింగులూ తేడా లేకుండా ఒకటే ఉన్నా అనుమానించాల్సిందే.

తర్వాత వైవా. ఒక్కొక్కరికి 12 నిమిషాలు, నలుగురికీ ఒకే పూట. అయిపోయినవాళ్లు బయట వేచి ఉన్నవాళ్లను కలవకూడదు, లేకపోతే రెండోవాడి నుంచి జవాబులు సిద్ధంగా వస్తాయి. మొదట తను చేశానన్న భాగం మీద అంకెతో ప్రశ్న అడగండి, తర్వాత పక్కవాళ్ల భాగం మీద ఒకటి, ఆఖరున ఏదైనా ఒక షరతు మార్చి ఒకటి. "టైట్రేషన్ అంటే ఏమిటి" అని అడగకండి, అది గైడ్ పుస్తకంలో ఉంటుంది. "50 మి.లీ. నీళ్లకు 0.01 మోలార్ ఇ.డి.టి.ఎ. 17.4 మి.లీ. పట్టింది, కాఠిన్యం ఎంత?" అని అడగండి. చేసినవాళ్లకు 20తో గుణించాలని చేతికే తెలుసు, 348 అంటారు. వెంటనే "25 మి.లీ. నీళ్లు తీసుకుని స్వేదన జలంతో 50 చేస్తే?" అనండి. 8.7 పడుతుంది, 40తో గుణిస్తాం, జవాబు అదే 348. కాఠిన్యం ఎక్కువున్న నీళ్లకు అలా ఎందుకు చేస్తామో చేసినవాళ్లే చెప్పగలరు. రంగు ఎక్కడ ఆగాలో అడగండి. ఎరుపు ఛాయ పూర్తిగా పోయి నీలం రావాలి, ఊదా దగ్గర ఆపితే రీడింగు తక్కువొస్తుంది.

ముగింపు రాసినవాళ్లను నైట్రేట్ మీద అడగండి. "58 ఉన్న ఇంటివాళ్లకు నీళ్లు కాచుకుని తాగమని చెప్పవచ్చా?" అని. కాస్తే నైట్రేట్ పోదు, నీరు ఆవిరై సాంద్రత ఇంకా పెరుగుతుంది. ఇది తెలియకపోతే ఆ ముగింపు వాక్యం ఎలా పుట్టిందో అర్థమైపోతుంది.

జవాబు ఏ భాషలో చెప్పినా తీసుకోండి. తెలుగులో చెబితే మార్కు తగ్గించకూడదు.

ఫైనలియర్ | మంగళవారం రాత్రి 11:05

సర్, మేడమ్, నేను స్టూడెంట్‌ను, వేరే కాలేజీ. ఒక్క సందేహం. రిపోర్టు ఇచ్చేశాక పాయింట్లు పంచమని అడగడం న్యాయమేనా? ముందే తెలిసి ఉంటే మేం ఎవరు ఏం చేశామో రాసి పెట్టుకుంటాం కదా. ఇంకోటి, అందరి ముక్కలూ తెచ్చి ఫార్మాట్ చేసి ప్రింట్ తీయించేవాళ్లకు రెండు రాత్రులు నిద్ర ఉండదు. ఆ పనికి మార్కే లేదు.

తార్నాక మేడమ్ | మంగళవారం రాత్రి 11:30

మొదటి ప్రశ్న చాలా సరైనది నాన్నా. ముందు చెప్పని కొలతతో తర్వాత మార్కు తగ్గించకూడదని నా అభిప్రాయం. అందుకే నాగోలు సర్, ఈ బ్యాచ్‌కు ఆ గుణకాలు పక్కన పెట్టండి. రిపోర్టు మార్కు 26 అందరికీ. తేడా చూపించడానికి మీ చేతిలో వైవా 20 ఉంది. అది ముందు నుంచీ వ్యక్తిగతమేనని పిల్లలకు తెలుసు.

పాత ఎగ్జామినర్ | బుధవారం ఉదయం 6:50

ఇక్కడ మేడమ్‌తో ఏకీభవించను. హ్యాండ్‌బుక్‌లో పాత్రను బట్టి మారవచ్చని ఉంది. అది ముందు చెప్పినట్టే. పని అసలు చేయని పిల్లవాడికి 26 ఇస్తే మిగతా ముగ్గురికీ అన్యాయం. రిజిస్టరు, వైవా రెండూ ఒకే మాట చెబితే తగ్గించవచ్చు. తోటివాళ్ల పాయింట్లు ఒక్కటే ఆధారమైతే తగ్గించకూడదు.

నాగోలు సివిల్ | గురువారం సాయంత్రం 7:20

రిజిస్టరు తెప్పించాను, వైవా అయిపోయింది. పాత ఎగ్జామినర్ గారి ప్రశ్నలే అడిగాను.

రిజిస్టరులో 12 నమూనాల రీడింగుల పక్కన పొడి అక్షరాలు డీవి, సీవి. అంకెలన్నీ 0.1కో 0.05కో ఉన్నాయి. డీని అడిగితే 348 అని కాగితం ముట్టుకోకుండా చెప్పింది. మూడు నమూనాలకు 25 మి.లీ. ఎందుకు తీసుకున్నారో తెలుగులో చక్కగా వివరించింది. పట్టికలో 58, 63 వేసింది కూడా తనే. ముగింపు రాసింది ఏ. పట్టిక రాకముందే ముగింపు రాసి పెట్టుకున్నానని, తర్వాత మార్చలేదని చెప్పింది. మిగతా విషయాల మీద ఏకి మంచి పట్టు ఉంది, కూర్పంతా తనదే. సీ తన భాగం బాగా చెప్పాడు, నైట్రేట్ కాస్తే పోతుందన్నాడు. బీ రెండో అధ్యాయం తనదన్నాడు. అందులో ఉదహరించిన వాటిలో ఏ ఒక్కదానిలో ఏం తేలిందో చెప్పలేకపోయాడు. రిజిస్టరులో అతని అక్షరాలు ఎక్కడా లేవు.

తోటివాళ్ల లెక్కలో డీ గుణకం 0.70, బీది 1.03. వైవాలో డీకి 16, ఏకి 17, సీకి 14, బీకి 8 వేశాను. డీకి రిపోర్టులో ఏమీ తగ్గించను. బీకి రిపోర్టు 26 ఉంచాలా, తగ్గించాలా అన్నదే మిగిలింది.

లక్ష్మీ కె | గురువారం రాత్రి 8:00

నేను చెప్పినట్టు అధ్యాయాల వారీగా మార్కులు వేసి ఉంటే నున్నటి అధ్యాయం కాబట్టి బీకే ఎక్కువ వచ్చేది, డీకి అందరికంటే తక్కువ. ఆ పద్ధతి వద్దు. కానీ బీకి 26 అన్నది నాకు మింగుడు పడటం లేదు.

పాత ఎగ్జామినర్ | గురువారం రాత్రి 8:25

నాకూ అంతే. రిజిస్టరులో లేడు, వైవాలో లేడు, ఉన్న అధ్యాయం తనదని నిరూపించుకోలేకపోయాడు. రెండో అధ్యాయానికి సిమిలారిటీ విడిగా తీయించండి. సురేశ్ గారి సలహా ఇప్పుడు పనికొస్తుంది. అక్కడ ఎత్తిరాత తేలితే ఆ కారణం చూపి బీకి తగ్గించండి. పాత్ర తక్కువని కాకుండా ఆ అధ్యాయం తనది కాదని రాయండి.

తార్నాక మేడమ్ | గురువారం రాత్రి 9:10

ఎత్తిరాత తేలితే ఒప్పుకుంటాను. తేలకపోతే వైవా 8తోనే ఆపండి. ఆ 8 కూడా చిన్న శిక్ష కాదు, ఏకూ అతనికీ మధ్య 9 మార్కుల తేడా. ఏది చేసినా, ఏ ప్రశ్నకు ఏం జవాబు వచ్చిందో నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి. రేపు పిల్లవాడో తల్లిదండ్రులో వచ్చి అడిగితే చూపించేది అదే.

నాగోలు సివిల్ | గురువారం రాత్రి 9:40

రేపు తీయిస్తాను. వచ్చే బ్యాచ్‌కు మొదటి రివ్యూ నుంచే కాగితం పెట్టాలనుకుంటున్నాను. అందులో ఏం ఉండాలి మేడమ్?

తార్నాక మేడమ్ | గురువారం రాత్రి 10:05

ఒక్క పేజీ చాలు. వరసలుగా పనులు రాయండి, అధ్యాయాలు కాదు. నమూనాల సేకరణ, ఒక్కో పరీక్ష, పట్టికలు, చదివిన ఆధారాలు, మొదటి రాత, సరిదిద్దడం, కూర్పు. ప్రతి పనికీ ప్రధానంగా చేసినవాళ్లు ఒక్కరే, తోడు పడ్డవాళ్లు ఎందరైనా. ప్రతి రివ్యూలో నలుగురూ సంతకం పెట్టి మీకివ్వాలి. తర్వాతి రివ్యూలో మీరు పాతదాన్ని పక్కన పెట్టి చూడండి. ఆఖరు రివ్యూ వచ్చేసరికి అందరి పేర్లూ అన్ని వరసల్లో కనిపిస్తే అది ఇంట్లో కూర్చుని నింపిన కాగితమని తెలిసిపోతుంది. పాయింట్లు పంచడం కూడా పెడితే, సగం మార్కుకే గుణకం అని మొదటి రోజే నోటీసు బోర్డులో పెట్టండి. గుణకం 0.8 కంటే తగ్గినా, 1.2 దాటినా వైవాలో తేల్చాకే వాడతామని కూడా రాయండి.

ఫైనలియర్ | గురువారం రాత్రి 10:30

కూర్పు వరసలో పెట్టినందుకు థాంక్స్ మేడమ్. కానీ కూర్పు చేసినవాళ్లకే ముగింపు తప్పు కూడా చుట్టుకుంటుంది కదా, ఏ విషయంలో జరిగినట్టు. పట్టికలు ఆఖరి రాత్రి వస్తే వాళ్లేం చేయగలరు?

పాత ఎగ్జామినర్ | గురువారం రాత్రి 10:50

పట్టికలకు ఒక గడువు, కూర్పుకు అది దాటి వారం తర్వాత ఇంకో గడువు పెట్టాలి. గడువు తేదీ ఆ కాగితం మీదే ఉంటే ఎవరి వల్ల ఆలస్యమైందో కనిపిస్తుంది. ముగింపు మాత్రం పట్టికలు చేతికొచ్చాకే రాయనివ్వాలి. అది గైడ్ చూసుకోవాల్సిన పని.